సీసా వెనకవైపు ఏముంది: చుండ్రు తలకి నూనె, షాంపూ ఎంచుకోవడం

సంక్రాంతి సెలవులకి మా అప్ప కూతురు విజయనగరం హాస్టల్ నుంచి శ్రీకాకుళం మా ఇంటికి వచ్చింది. ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. నల్ల చుడీదార్ భుజాల మీద తెల్లటి పొట్టు రాలి ఉంది, మాట్లాడుతూ మాట్లాడుతూ తల గోక్కుంటోంది. "పిన్నీ, నువ్వు మందుల షాపులో ఉంటావు కదా, దీనికేదైనా చెప్పవా" అని బ్యాగులోంచి మూడు సీసాలు తీసి మంచం మీద పెట్టింది. ఒకటి కవిటి నుంచి మా అమ్మ పంపిన గానుగ కొబ్బరినూనె. రెండోది చుండ్రు కోసమని కొన్న ఆయుర్వేద నూనె. మూడోది పేరున్న కంపెనీ షాంపూ.

మూడింటిలో ఏదీ నాసిరకం కాదు. అయినా ఆరు నెలలుగా దురద తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో తెలియాలంటే ఆ సీసాల వెనక చిన్న అక్షరాల్లో ఉన్న జాబితా చదవాలి. అది చదవాలంటే ముందు చుండ్రు ఎలా పుడుతుందో కొంచెం తెలిసి ఉండాలి.

మన అందరి తల మీదా మలసీజియా అనే ఈస్ట్ ఉంటుంది. ఈస్ట్ అంటే బూజు జాతికి చెందిన సూక్ష్మజీవి. దాని విచిత్రం ఏమిటంటే, బతకడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను అది సొంతంగా తయారు చేసుకోలేదు. అందుకే మన చర్మం నుంచి ఊరే జిడ్డు మీద ఆధారపడుతుంది. ఆ జిడ్డును తన ఎంజైములతో విరగ్గొట్టి, తనకి కావలసిన కొవ్వు ఆమ్లాలను తీసుకుని, మిగతావి చర్మం మీదే వదిలేస్తుంది. అలా మిగిలే వాటిలో ముఖ్యమైనది ఓలీయిక్ ఆమ్లం. కొందరి చర్మం దీన్ని పట్టించుకోదు. కొందరి చర్మానికి మాత్రం ఇది పడదు, ఎర్రబడి, దురద పెట్టి, పైపొర కణాలు ముద్దలుగా ఊడిపోతాయి. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో, ఈస్ట్‌తో సంబంధం లేకుండా ఉత్త ఓలీయిక్ ఆమ్లాన్నే తలకి రాసి చూశారు. చుండ్రు వచ్చే తత్వం ఉన్నవాళ్లకి పొట్టు రాలింది, లేనివాళ్లకి రాలలేదు.

కాబట్టి చుండ్రుకి మూడూ కలవాలి: ఈస్ట్, దానికి తిండి, ఆ వ్యర్థాలను తట్టుకోలేని చర్మం. చర్మ తత్వాన్ని మనం మార్చలేం. మిగిలిన రెండింటి మీదే మన చెయ్యి ఆడుతుంది. నూనె సీసా వెనక చదివేటప్పుడు అడగాల్సింది ఇది ఆ ఈస్ట్‌కి తిండి పెడుతుందా అని. షాంపూ వెనక అడగాల్సింది ఈస్ట్‌ని తగ్గించే మందు ఇందులో ఉందా అని. మిగతావన్నీ ఆ తర్వాతే.

మొదట నూనె సంగతి. ఇది మా ఇంట్లో కష్టమైన విషయం. మా అమ్మది ఉద్దానం. 2018లో తిత్లీ తుఫానుకి కొబ్బరితోటలు కూలిపోయినా, మిగిలిన చెట్ల కాయలు ఎండబెట్టి, గానుగ ఆడించి, కూతుళ్లకీ మనవరాళ్లకీ నూనె పంపడం మానలేదు. ఫోన్లో విషయం చెబితే "తలకి నూనె రాయకపోతే జుట్టు ఉంటాదేటే? మా కాలంలో ఎవులికి ఉండేది ఈ చుండ్రు?" అంది. ఆవిడ మాటలో జుట్టు వరకు నిజం ఉంది. కొబ్బరినూనె వెంట్రుకలోకి ఇంకి, తలంటుకున్నప్పుడు వెంట్రుకలోని ప్రోటీన్ పోకుండా కాపాడుతుంది. 2003లో అచ్చయిన ఒక అధ్యయనంలో పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ రెండూ ఆ పని చేయలేకపోయాయి, కొబ్బరినూనె చేసింది.

కానీ వెంట్రుక వేరు, దాని కింద చర్మం వేరు. మలసీజియాకి పనికొచ్చేవి సుమారు 11 నుంచి 24 కర్బన పరమాణువుల పొడవున్న కొవ్వు ఆమ్లాలు. కొబ్బరినూనెలో దాదాపు సగం ఉండే లారిక్ ఆమ్లానికి 12 కర్బనాలు. నువ్వులనూనెలో ఎక్కువగా ఉండే ఓలీయిక్, లినోలీయిక్ ఆమ్లాలకి, ఆముదంలో ఉండే రిసినోలీయిక్ ఆమ్లానికి 18. అంటే మనం తరతరాలుగా తలకి రాసుకునే నూనెలన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. నువ్వులనూనె, ఆలివ్ నూనెల్లో పైగా ఆ ఓలీయిక్ ఆమ్లమే బాగా ఉంటుంది. లారిక్ ఆమ్లానికి కొన్ని సూక్ష్మజీవులను అణచే గుణం ఉందన్న మాట నిజమే. కొబ్బరినూనె వాడకం తల మీది మంచి సూక్ష్మజీవులకి మేలు చేస్తుందని 2021లో మన దేశపు మహిళల మీద చేసిన పరిశోధన ఒకటి చెప్పింది కూడా. అందుకే నేను కొబ్బరినూనె వల్ల చుండ్రు వస్తుందని చెప్పను. చుండ్రు లేనివాళ్లు హాయిగా రాసుకోవచ్చు. ఇప్పటికే పొట్టు రాలుతూ దురదగా ఉన్న తల చర్మం మీద మాత్రం రోజూ రాసి రాత్రంతా ఉంచడం మానమంటాను.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. నూనె రాయగానే పొట్టు కనబడదు. నూనెలో తడిసిన పొట్టు పారదర్శకమై తలకి అతుక్కుపోతుంది, దురద కూడా కాసేపు తగ్గుతుంది. దాంతో నూనె పనిచేస్తోందని అనుకుంటాం. తలంటుకున్నాక ఆరిన జుట్టులో అదే పొట్టు మళ్లీ రాలుతుంది. అప్పుడు నింద షాంపూ మీద పడుతుంది, 'షాంపూ పెడితే తల ఎండిపోయి చుండ్రు వస్తోంది' అని తలంట్లు ఇంకా తగ్గిస్తారు. మా పిల్ల చేసిందీ అదే. ఆర్నెల్ల క్రితం వారానికి రెండుసార్లు తలంటుకునేది, ఇప్పుడు పది రోజులకోసారి.

కొబ్బరినూనె లేబుల్ చదవడం తేలిక, ఒకటే పదార్థం ఉంటుంది. కొనే సీసాల్లో చాలావాటి మీద తలనూనె అన్న మాటే ఉండదు, వంటనూనెకి ఉండే ఆకుపచ్చ చుక్క ఉంటుంది. చిన్న సీసాల్లో అమ్మినంత మాత్రాన స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనె అయిపోదని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో తీర్పు చెప్పిన సంగతి కొందరికి గుర్తుండొచ్చు. అది పన్ను గొడవ. మనకి కావలసింది ఇంతే: అది వంటనూనె, అందులో చుండ్రుకి ప్రత్యేకించి ఏ మందూ కలపలేదు.

రెండో సీసా, ఆయుర్వేద నూనె, చదవడం కొంచెం కష్టం. దాని మీద జాబితా వేరే పద్ధతిలో ఉంటుంది. 'ప్రతి 10 మి.లీ.లో' అని మొదలుపెట్టి భృంగరాజ, ఆమలకి, నింబ, మెంతులు, వాటి పక్కన మిల్లీగ్రాములు రాస్తారు. భృంగరాజ అంటే మన గుంటగలగర, ఆమలకి ఉసిరి, నింబ వేప. అన్నీ చదివి, ఎన్ని మూలికలో అని సంతోషపడి ఆగిపోతాం. ఆగకుండా చివరి లైన్ చూడాలి. అక్కడ నూనె పేరు, దాని పక్కన 'క్యూ.ఎస్.' అని ఉంటుంది. అది లాటిన్ మాటలకి పొడి అక్షరాలు, 'సరిపడినంత' అని అర్థం. అంటే మూలికల కషాయమో కల్కమో వేశాక సీసా నిండడానికి పోసినదంతా అదే. మా పిల్ల సీసా మీద మూలికలన్నీ కలిపితే 10 మి.లీ.కి గ్రాము దాటలేదు. మిగతాది తిల తైలం, నువ్వులనూనె. చుండ్రు కోసమని కొన్న సీసాలో తొంభై పాళ్లు నువ్వులనూనే ఉంది, దాన్ని రోజూ రాత్రి మాడుకి పట్టిస్తోంది.

అందులో కర్పూరం కూడా ఉంది. కర్పూరం, మెంథాల్ ఉన్న నూనె రాస్తే చల్లగా ఉండి దురద తెలియదు. ఈస్ట్‌ని తగ్గించినందువల్ల వచ్చిన ఉపశమనం కాదది. పూట గడిచాక దురద తిరిగొస్తుంటే దాన్నిబట్టే తేడా కనిపెట్టొచ్చు.

ఇంక 'లైట్ హెయిర్ ఆయిల్' అని అమ్మే జిడ్డులేని నూనెలున్నాయి. ముందువైపు బాదం, ఉసిరి, మల్లె బొమ్మ ఏదో ఒకటి ఉంటుంది. వెనక మొదటి పేరు తరచు మినరల్ ఆయిల్ లేదా లైట్ లిక్విడ్ పారాఫిన్. ఇది పెట్రోలియం నుంచి శుద్ధి చేసి తీసినది. ఈ పేరు చూసి చాలామంది భయపడతారు. నా అభిప్రాయం వేరు. ఇందులో కొవ్వు ఆమ్లాలు లేవు, కాబట్టి మలసీజియాకి తిండి కాదు. జుట్టుకి పోషణ ఇవ్వదు, మెరుపు ఇస్తుంది, చిక్కు తీస్తుంది, అంతే. నూనె రాయకుండా ఉండలేని వాళ్లు, చుండ్రు ఉన్నన్నాళ్లు, మొదటి పేరు లిక్విడ్ పారాఫిన్ అయి, రెండో మూడో స్థానాల్లో ఏ గింజల నూనే లేని సీసా తీసుకుంటే నేను అడ్డు చెప్పను. రెండో స్థానంలో వెజిటబుల్ ఆయిల్ అని ఉంటే మాత్రం అందులో తిండి కలిసినట్టే. క్యాప్రిలిక్ క్యాప్రిక్ ట్రైగ్లిజరైడ్ అనే పేరు కనబడితే కంగారు అక్కర్లేదు. కొబ్బరినూనెలోని 8, 10 కర్బనాల చిన్న ముక్కల్ని వేరుచేసి తయారుచేసేదది, ఈస్ట్‌కి పనికిరాదు.

ఇప్పుడు షాంపూ. ఇక్కడ జాబితా వరసకి ఒక నియమం ఉంది, అది తెలిస్తే సగం పని అయినట్టే. మన దేశంలో సౌందర్య సాధనాల నిబంధనలు, 2020 ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. కాబట్టి ప్రతి జాబితాలోనూ కంటికి కనబడని ఒక గీత ఉంటుంది. గీతకి పైన వరస నిజం చెబుతుంది. గీత దాటాక వరసకి అర్థం లేదు.

ఆ గీత ఎక్కడుందో కచ్చితంగా తెలియదు కానీ పట్టుకోవడానికి గుర్తులున్నాయి. పెర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్ అన్న మాట సాధారణంగా ఆ గీత దగ్గరలోనే ఉంటుంది. సోడియం బెంజోయేట్, ఫీనాక్సీఇథనాల్, మిథైల్‌ఐసోథయజోలినోన్ లాంటి నిల్వ పదార్థాలు ఒక శాతం లోపే వేస్తారు. వీటిలో ఏదో ఒకటి కనబడిందంటే మనం గీత దాటేశామని అనుకోవచ్చు.

మా పిల్ల షాంపూ వెనక ఇలా ఉంది: నీళ్లు, సోడియం లారెత్ సల్ఫేట్, కోకమిడోప్రొపైల్ బీటెయిన్, డైమెథికోనాల్, గ్లైకాల్ డైస్టియరేట్, ఉప్పు, పెర్ఫ్యూమ్, కార్బోమర్, గ్వార్ అని మొదలయ్యే ఒక పొడుగాటి పేరు, సోడియం బెంజోయేట్, సిట్రిక్ ఆసిడ్, వేప సారం, కలబంద రసం, రెండు రంగుల నంబర్లు. నీళ్ల తర్వాతి రెండూ నురుగునిచ్చి జిడ్డు తీసేవి. డైమెథికోనాల్ సిలికోన్, జుట్టు జారేలా చేస్తుంది. గ్లైకాల్ డైస్టియరేట్ ముత్యంలాంటి మెరుపు కోసం, ఉప్పు చిక్కదనం కోసం. అక్కడ పెర్ఫ్యూమ్ వచ్చింది. ముందువైపు పెద్ద ఆకు బొమ్మతో ఉన్న వేప, నిల్వ పదార్థం కంటే కూడా తర్వాత ఉంది. అంటే ఎంత ఎక్కువ అనుకున్నా ఒక శాతం. జాబితా మొత్తం రెండుసార్లు చదివాను. చుండ్రు మందు ఒక్కటీ లేదు.

"కానీ పిన్నీ, ఇది చుండ్రు షాంపూయే" అంది. ముందుకు తిప్పి చూస్తే 'స్మూత్' అని ఉంది. అదే కంపెనీ, అదే రంగు మూత, పక్క అరలో ఉండే చుండ్రు రకం బదులు ఇది వచ్చింది. అందుకే ఏ బ్రాండ్ మంచిదని ఎవరైనా అడిగితే నాకు జవాబు చెప్పడం కష్టం. ఒకే బ్రాండ్‌లో ఐదారు రకాలుంటాయి, కొన్నిటిలో మందు ఉంటుంది, కొన్నిటిలో ఉండదు. పైగా కంపెనీలు ఫార్ములా మారుస్తుంటాయి. రెండేళ్ల కింద పనిచేసిన పేరే ఇప్పుడు వేరే మందుతో రావచ్చు. గుర్తుపెట్టుకోవలసింది సీసా వెనక పేర్లు.

ఆ పేర్లు ఎక్కువ లేవు. జింక్ పైరిథియోన్, పిరోక్టోన్ ఒలమైన్, క్లైంబజోల్, కీటోకొనజోల్, సెలీనియం సల్ఫైడ్. ఈ ఐదింటిలో ఒక్కటి ఉన్నా ఆ షాంపూ ఈస్ట్ మీద పనిచేస్తుంది. సాలిసిలిక్ ఆసిడ్ కూడా కనబడుతుంది. అది పేరుకుపోయిన పొట్టును కరిగించి ఊడదీస్తుంది, ఈస్ట్‌ని పెద్దగా తగ్గించదు. పొట్టు మందంగా ఉన్నవాళ్లకి తోడుగా పనికొస్తుంది.

ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. వేప జాబితా చివర ఉంటే అలంకారమేనని ఇందాక చెప్పాను. జింక్ పైరిథియోన్ కూడా చివర్లోనే ఉండొచ్చు, కానీ దాన్ని అలా తీసిపారేయకూడదు. ఎందుకంటే షాంపూల్లో దాని మామూలు మోతాదే సుమారు ఒక శాతం. పిరోక్టోన్ ఒలమైన్ అర శాతం నుంచి ఒక శాతం. ఆ కొద్దిపాటితోనే అవి పనిచేస్తాయని తేలింది. మూలికల నూనెల సంగతి అలా కాదు. టీ ట్రీ ఆయిల్‌నే తీసుకోండి. 2002లో ఆస్ట్రేలియాలో 126 మంది మీద దాన్ని పరీక్షించారు. నాలుగు వారాల తర్వాత టీ ట్రీ షాంపూ వాడినవాళ్లలో 41 శాతం మెరుగుదల కనబడింది, ఉత్త షాంపూ వాడినవాళ్లలో 11 శాతమే. ఫలితం బాగుంది. కానీ ఆ షాంపూలో టీ ట్రీ ఆయిల్ ఐదు శాతం ఉంది. మన చేతిలో సీసా మీద అది పెర్ఫ్యూమ్ తర్వాత ఉంటే ఒక శాతం కూడా లేనట్టే, ఆ పరిశోధన ఫలితం ఈ సీసాకి వర్తించదు. కాబట్టి ఒక పదార్థం ఎక్కడుందని చూడడంతో సరిపోదు, అది ఎంత మోతాదులో పనిచేస్తుందో కూడా చూడాలి.

జింక్ పైరిథియోన్ మీద ఒక భయం తిరుగుతోంది, యూరప్‌లో నిషేధించారట అని. నిజమే, 2022 మార్చి నుంచి అక్కడ సౌందర్య సాధనాల్లో వాడకూడదు. జంతువుల మీద పరీక్షల ఆధారంగా సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థాల జాబితాలో దాన్ని చేర్చారు. అలా చేర్చినవాటికి మినహాయింపు కావాలంటే ప్రత్యామ్నాయాలు లేవని చూపించాలి, చుండ్రుకి వేరే మందులున్నాయి కాబట్టి అది కుదరలేదు. కడిగేసే షాంపూలో ఒక శాతం వరకు సురక్షితమేనని అక్కడి శాస్త్రీయ కమిటీయే అంతకు ముందు చెప్పింది. మన దగ్గరా, అమెరికాలోనూ వాడుకలోనే ఉంది. అయినా మనసు ఒప్పనివాళ్లు పిరోక్టోన్ ఒలమైన్ ఉన్నది తీసుకోవచ్చు, నష్టం లేదు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ రోజు జాబితాలో సోడియం లారెత్ సల్ఫేట్ రెండో స్థానంలో చూసి, తల చర్మాన్ని ఎండగడుతున్నది ఇదేనని, సల్ఫేట్ లేని షాంపూ ఒకటి కొనిచ్చాను. రెండు తలంట్లకే పరిస్థితి ఇంకా పాడైంది. జుట్టు పాయలు పాయలుగా అతుక్కుంది, గోటితో గీరితే పసుపుపచ్చ జిడ్డు పొట్టు వచ్చింది. అంత నువ్వులనూనె పట్టిన తలకి ఆ మెత్తటి షాంపూ చాలలేదు, నూనె చర్మం మీదే మిగిలిపోయింది. పైగా అందులోనూ చుండ్రు మందు లేదు. సల్ఫేట్ పేరు చూడగానే పక్కన పెట్టడం చుండ్రు తలకి సరైన పద్ధతి కాదని నాకు అప్పుడు బాగా తెలిసింది. ఈ తలకి జిడ్డు పోవడం కూడా వైద్యంలో భాగమే. తల కడిగాక మంట, ఎర్రదనం ఉంటే తప్ప దాన్ని తప్పుపట్టను. కుంకుడుకాయ కూడా జిడ్డు తీస్తుంది, ఆ మేరకు మంచిదే, కానీ పొట్టు బాగా ఉన్నప్పుడు దాని ఒక్కదానితో తగ్గుతుందని ఆశపెట్టుకోను.

ఆ తర్వాత చేసింది ఇది. రెండు నూనెలూ మాడుకి రాయడం ఆపించాను. జడ కోసం నూనె కావాలంటే, మా అమ్మ నూనే, చెవుల కింద నుంచి జుట్టు చివరల దాకా, తలంటుకి గంట ముందు. జింక్ పైరిథియోన్ ఉన్న షాంపూతో వారానికి రెండు తలంట్లు. మొదటిసారి కొంచెం షాంపూతో నూనె, చెమట, దుమ్ము వదిలించి కడిగేయడం. రెండోసారి చెంచాడు తీసుకుని, జుట్టుకి కాకుండా పాపిట పాపిట తీసి చర్మానికి వేళ్ల కొసలతో పట్టించి, నాలుగైదు నిమిషాలు ఆగి కడగడం. ఈ ఆగడమే అందరూ వదిలేసే పని. జింక్ పైరిథియోన్ నీళ్లలో కరగదు, సన్నటి రేణువులుగా ఉంటుంది. ఆ రేణువులు చర్మం మీద నిలిస్తేనే తలంటు అయ్యాక కూడా పనిచేస్తాయి. అందుకే అలాంటి షాంపూల్లో కార్బోమర్, గ్వార్ లాంటి పేర్లు కనబడతాయి. కార్బోమర్ రేణువుల్ని సీసా అడుక్కి దిగకుండా పట్టి ఉంచుతుంది, గ్వార్ నుంచి చేసిన పదార్థం నీళ్లు తగలగానే వాటిని చర్మానికి చేరుస్తుంది. రాసిన అర నిమిషానికే కడిగేస్తే కొన్న మందు మురుగు కాలువలోకి పోతుంది.

రెండు వారాలకి దురద తగ్గింది. నాలుగో వారానికి పొట్టు బాగా తగ్గింది కానీ చెవుల వెనక, పాపిట మొదట్లో ఎర్రగా మిగిలింది. అప్పుడు డాక్టరు దగ్గరికి పంపాను. రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ రాశారు, వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు. ఇది పచారీ కొట్లో దొరికే షాంపూలాంటిది కాదు, మందుగా తయారైనది. మందు సీసా మీద శాతం స్పష్టంగా రాసి ఉంటుంది. ఒక శాతమా, రెండు శాతమా అని చూసుకుని కొనాలి. ఇదీ మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచాల్సిందే. తగ్గాక వారానికో, రెండు వారాలకో ఒకసారి వాడుతూ ఉంటే తిరిగి రావడం తగ్గుతుంది.

తిరిగి రావడం అన్నాను కదా, అది వస్తుంది. చర్మ తత్వం మారదు కాబట్టి. మా పిల్లకి ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. హాస్టల్లో నీళ్ల ఇబ్బంది, పరీక్షల టెన్షన్, చెమట, తలంట్లు మళ్లీ పది రోజులకోసారి. పైగా షాంపూ సీసా అయిపోయి, గేటు పక్క కొట్లో సాషేలు కొనడం మొదలుపెట్టింది. ఈ సాషేల సంగతి మన ఊళ్లలో చాలామందికి అవసరం, ఎందుకంటే ఎక్కువమంది కొనేది అవే. 60 మి.లీ. కంటే తక్కువ ఉన్న ప్యాక్ మీద పదార్థాల జాబితా వేయనక్కర్లేదని నిబంధనల్లో మినహాయింపు ఉంది. అందుకే దండలా వేలాడే ఆ సాషేల వెనక ఎంత వెతికినా మందు పేరు దొరకకపోవచ్చు. పేరు కనబడకపోతే, ఆ కొట్లోనో పెద్ద షాపులోనో అదే రకం పెద్ద సీసా వెనక చదవాలి. పేరు ఒకటే అయితే చాలదు, రకం పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అక్షరాలు ఆనకపోతే ఫోన్‌తో ఫోటో తీసి పెద్దది చేసి చూడొచ్చు, మా పిల్ల ఇప్పుడు అలాగే చేస్తోంది.

తలలో తెల్లగా కనబడినదల్లా చుండ్రు కాదు. చేతులు, కాళ్లు కూడా పొడిబారి, చలికాలంలోనే, పొడిపొడిగా సన్నటి పొట్టు రాలుతుంటే అది ఎండిన చర్మం కావచ్చు. చుండ్రు పొట్టు కొంచెం పెద్దగా, జిడ్డుగా, పసుపు ఛాయలో ఉంటుంది, కనుబొమల్లో, ముక్కు పక్కల కూడా రావచ్చు. తెల్లటి చుక్క వెంట్రుకకి అతుక్కుని, లాగినా జారకపోతే అది ఈపి. పొట్టు మందంగా వెండి రంగులో పెచ్చులు కట్టి, జుట్టు అంచు దాటి నుదుటి మీదకి వస్తే సోరియాసిస్ ఏమోనని చూపించుకోవాలి. చిన్నపిల్లల్లో పొట్టుతో పాటు జుట్టు గుండ్రంగా ఊడుతుంటే తామర అయ్యుండొచ్చు, దానికి షాంపూలు చాలవు, మింగే మందు కావాలి. నాలుగు వారాలు సరైన మందు ఉన్న షాంపూని సరిగా వాడినా మార్పు లేకపోతే, ఇంకో బ్రాండ్ కోసం వెతకకుండా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లాలి.

మొన్న అమ్మ మళ్లీ నూనె పంపింది, సీసాతో పాటు ఫోనూ చేసింది. "గుంట తలకి రాస్తందా లేదా?" అని అడిగింది. జడకి రాస్తోందనీ, మాడుకి రాయట్లేదనీ చెప్పాను. ఒక క్షణం ఆగి, "జడకైనా రాయనీ, ఎండకి జుట్టు పీచులా అయిపోద్ది" అంది.